ఒప్పంద పత్రంలో పీఠిక ఒక మాట, షరతు ఒక మాట

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, పెన్షను లెక్కలూ కరువు భత్యమూ గురించి చెప్పడానికి నాకంటే సమర్థులు చాలామంది ఉన్నారు కాబట్టి, నాకు తెలిసిన చిన్న విషయం ఒకటి చెబుతానన్నాను. సర్వీసులో ఎక్కువ కాలం నా పని ఇతరులు వ్రాసిన పత్రాలు చదవడం, నకళ్ళు తీయడం, అసలుతో నకలు సరిపోల్చడం. దస్తావేజులు వ్రాయడం నా వృత్తి కాదు. నేను వకీలునూ కాదు. కాని వేలకొద్దీ పత్రాలు చదివిన కన్ను ఒకటి మిగిలింది. ఆ కంటికి పదే పదే కనబడే లోపం ఒకటుంది. పత్రం మొదటి భాగంలో క్రియ ఒక కాలంలో ఉంటుంది, షరతుల్లో మరొక కాలంలో ఉంటుంది. పైన ‘ఇచ్చెదను’ అని ఉంటే కింద ‘ఇచ్చితిని’ అని ఉంటుంది. ఒకచోట ‘నేను చెల్లించవలెను’ అంటే ఇంకొకచోట ‘చెల్లించబడును’ అంటుంది. ఇది వ్యాకరణ దోషమే కదా, అర్థమైతే చాలు కదా అనిపిస్తుంది. అలా అనుకుని సంతకం పెట్టబోయిన మన సభ్యుడొకరి పత్రాన్ని ఈ రోజు మీ ముందు విప్పుతాను. ఆయన అనుమతి తీసుకున్నాను. పేరు మాత్రం చెప్పను.

ముందు రెండు మాటలు చెప్పుకోవాలి. ఒప్పంద పత్రంలో తారీఖు, పార్టీల పేర్ల తరువాత వచ్చే భాగాన్ని ఇంగ్లీషులో రిసైటల్స్ అంటారు. ఆస్తి ఎలా వచ్చింది, ఎందుకు అమ్మదలచారు, ఎవరు కొంటామన్నారు అనే పూర్వ వృత్తాంతం అందులో ఉంటుంది. దాన్ని నేను పీఠిక అంటాను. ఆ తరువాత ‘కావున’ అని మొదలయ్యేది అసలు ఒప్పందం. ఎవరు ఏమి చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, చేయకపోతే ఏమవుతుంది అనేది అక్కడుంటుంది. అది ఆపరేటివ్ భాగం. మనం షరతులు అందాం. పీఠిక జరిగినదాన్ని చెప్పేది, షరతులు జరగవలసినదాన్ని కట్టడి చేసేవి. ఈ తేడా మనసులో ఉంటే మిగతా అంతా సులభం.

మన సభ్యుడు గత ఏడాది తన ఇల్లు అమ్మకానికి పెట్టారు. 200 చదరపు గజాల స్థలంలో పాత డాబా ఇల్లు. భార్యాభర్తలు కూతురి ఊరికి మారిపోవాలని వారి ఆలోచన. ధర 40 లక్షలు. అడ్వాన్సు 4 లక్షలు. మిగిలిన 36 లక్షలు 90 రోజుల్లో. కొనేవారు బ్యాంకు అప్పు తీసుకుని ఇస్తామన్నారు. ఇరుపక్షాలూ మంచివారే. ఎవరి మనసులోనూ మోసం లేదు. పత్రం వ్రాయించడానికి ఆఫీసు ఎదుట కంప్యూటరు పెట్టుకున్న ఒక వ్రాతగాని దగ్గరకు వెళ్ళారు. గంటలో పత్రం తయారైంది. మరునాడు సంతకాలు. రాత్రి ఎనిమిదింటికి మా ఇంటికి వచ్చి, “అన్నగారూ, అక్షర దోషాలేమైనా ఉంటే చూసిపెట్టండి” అని ఇచ్చారు. అక్షర దోషాలు లేవు. పేర్లు, తండ్రి పేర్లు, ఇంటి నంబరు, హద్దులు అన్నీ సరిగా ఉన్నాయి. అసలు లోపం క్రియాపదాల్లో ఉంది.

పత్రంలోని ముఖ్యమైన వాక్యాలు చదువుతాను. పీఠికలో ఇలా ఉంది:

“క్రింది షెడ్యూలు ఇల్లు నాకు 1994లో రిజిస్టరు దస్తావేజు మూలముగా సంక్రమించి నేటివరకు నా స్వాధీనానుభవములో ఉన్నది. సదరు ఇంటిని నా కుటుంబ అవసరముల నిమిత్తము విక్రయించదలచగా మీరు రూ.40,00,000లకు కొనుటకు అంగీకరిస్తారు. అడ్వాన్సు రూ.4,00,000 మీరు చెల్లించగలరు. బాకీ పైకము ముట్టిన పిమ్మట ఇంటిని మీకు స్వాధీనపరచగలవాడను.”

ఇక షరతులు:

“1. సదరు ఇంటిని మీకు విక్రయించడమైనది. 2. అడ్వాన్సు రూ.4,00,000 ముట్టినది. బాకీ పైకము 90 రోజులలో చెల్లించబడును. 3. ఇల్లు ఈ దినమే మీ స్వాధీనము చేయడమైనది. 4. ఇంటిపన్ను, కరెంటు బకాయిలు చెల్లించబడును. 5. విక్రేత లింకు దస్తావేజులు ఇచ్చును.”

చదువుతుంటే మీలో కొందరు నవ్వుతున్నారు. పక్కపక్కన పెట్టి చదివితే నవ్వు వస్తుంది. కాని పదకొండు పేజీల పత్రంలో పీఠిక రెండో పేజీలో, మూడో షరతు ఏడో పేజీలో ఉంటే ఎవరికీ నవ్వు రాదు, ఎందుకంటే ఎవరికీ కనబడదు.

ఎందుకిలా జరుగుతుందో ముందు చెబుతాను. మన పాత దస్తావేజులు చూసినవారికి తెలుసు. మొత్తం దస్తావేజు ఒకే వాక్యం. ‘నాకు సంక్రమించి, నా స్వాధీనములో ఉండగా, నా అవసరముల నిమిత్తము అమ్మదలచి, మీరు కొనగోరినందున, ఫలానా ధరకు ఒప్పుకొని’ అంటూ పోయి పోయి ఎక్కడో చివర ఒక్క సమాపక క్రియతో ముగిసేది. ఫుల్‌స్టాపు కోసం వెతుక్కోవాలి. అది చదవడానికి కష్టమే, కాని ఒక సుగుణం ఉంది. మధ్యలోవన్నీ అసమాపక క్రియలు కాబట్టి వాటికి సొంత కాలం లేదు. చివరి క్రియ ఏ కాలమో అదే అన్నిటికీ ఆధారం. కాలం తప్పే అవకాశమే తక్కువ. తరువాత ఇంగ్లీషు నమూనాలను చూసి నంబర్లు వేసిన షరతులుగా విడగొట్టడం మొదలైంది. అది మంచిదే. కాని విడగొట్టిన ప్రతి ముక్కకూ ఒక సమాపక క్రియ కావాలి. ప్రతిచోటా వ్రాతగాడు కాలం ఎంచుకోవాలి. అక్కడ జారుతారు.

ఇప్పుడు కంప్యూటరు వచ్చాక ఇంకొక కారణం కలిసింది. ఒప్పంద పత్రం వ్రాయాలంటే పాత విక్రయ దస్తావేజు ఫైలు తెరిచి, పేర్లు మార్చి, పైన శీర్షిక మారుస్తారు. విక్రయ దస్తావేజులో ‘విక్రయించడమైనది’, ‘స్వాధీనము చేయడమైనది’ అనడం సరే. అక్కడ అమ్మకం ఆ దస్తావేజుతోనే జరుగుతుంది. ఆ వాక్యాలు యథాతథంగా ఒప్పందంలోకి వచ్చేస్తే, అమ్ముతానన్న కాగితం అమ్మేసిన కాగితంలాగా మాట్లాడుతుంది. మన సభ్యుని పత్రంలో 1, 3 షరతులు అలా వచ్చినవే. మరునాడు నేను అడిగితే వ్రాతగాడు ఒప్పుకున్నాడు. “పాత ఫైలులోవి సార్, అన్నిటికీ అవే ఉంటాయి” అన్నాడు.

దీనివల్ల నష్టమేమిటి? మూడో షరతుతో మొదలుపెడతాను, ఎందుకంటే డబ్బు ఖర్చయ్యేది అక్కడే. మన రెండు తెలుగు రాష్ట్రాలలో అమలయ్యే స్టాంపు చట్టపు షెడ్యూలు 1-ఎ లో 47-ఎ అని ఒక ఆర్టికల్ ఉంది. విక్రయ దస్తావేజుకు కట్టవలసిన సుంకం అందులో ఉంటుంది. దాని కింద ఒక వివరణ ఉంది. అమ్మకపు ఒప్పందంతోపాటు స్వాధీనం కూడా ఇచ్చినా, ఇచ్చినట్లు ఆ ఒప్పందం తెలియజేసినా, దాన్ని విక్రయంగానే లెక్కకట్టి సుంకం వసూలు చేయాలని ఆ వివరణ సారాంశం. అలా కట్టిన సుంకాన్ని తరువాత విక్రయ దస్తావేజు సుంకంలో సర్దుబాటు చేస్తారు, అది నిజమే. కాని ఈ సంగతి తెలియక తక్కువ స్టాంపు మీద వ్రాసుకుని, తరువాత తగాదా వచ్చి కాగితాన్ని కోర్టులో పెట్టవలసి వస్తే, స్టాంపు చట్టం 35వ సెక్షను అడ్డం వస్తుంది. లోటు సుంకమూ, దానిమీద పదిరెట్ల దాకా జరిమానా కడితే గాని ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోరు. మన సభ్యుడు స్వాధీనం ఇవ్వనే లేదు. ఇంట్లో ఆయన సామాను ఉంది, ఆయన భార్య అక్కడే వంట చేస్తున్నది. అయినా ‘చేయడమైనది’ అనే ఒక్క క్రియ వల్ల ఆ కాగితం మీద సుంకం ప్రశ్న పుడుతుంది. పైన పీఠికలో ‘స్వాధీనపరచగలవాడను’ అని ఉంది కదా, అది చూపిస్తే సరిపోదా అని అడగవచ్చు. దానికే వస్తున్నాను.

పీఠికకూ షరతులకూ పడకపోతే ఏది నెగ్గుతుందనే విషయం మీద పాత ఇంగ్లండు తీర్పు ఒకటుంది. 1886లో ఎక్స్ పార్టీ డాస్ అనే కేసులో లార్డ్ ఈషర్ మూడు సూత్రాలు చెప్పారు. పీఠిక స్పష్టంగా ఉండి షరతు అస్పష్టంగా ఉంటే పీఠికను బట్టి అర్థం చెప్పుకోవాలి. పీఠిక అస్పష్టంగా ఉండి షరతు స్పష్టంగా ఉంటే షరతే నిలుస్తుంది. రెండూ స్పష్టంగా ఉండి ఒకదానికొకటి విరుద్ధమైతే షరతుకే ప్రాధాన్యం. మన కోర్టులు కూడా ఈ పద్ధతినే అనుసరిస్తూ వచ్చాయి. ఇప్పుడు మన పత్రానికి అన్వయించండి. పీఠికలో ‘స్వాధీనపరచగలవాడను’ స్పష్టం. షరతులో ‘ఈ దినమే చేయడమైనది’ అంతకంటే స్పష్టం. కాబట్టి తప్పుగా వ్రాసినదే నెగ్గుతుంది. సరిగా వ్రాసినది పైన ఉండి కూడా ఉపయోగం లేదు. వ్రాసిన షరతుకు విరుద్ధంగా నోటిమాట సాక్ష్యం చెప్పబోతే సాక్ష్య చట్టం చాలావరకు ఒప్పుకోదు. పాత చట్టం పోయి 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినా ఈ సూత్రం మారలేదు.

రెండవది అడ్వాన్సు. ఇక్కడ తిరకాసు ఉల్టా దిశలో ఉంది. పీఠిక ‘చెల్లించగలరు’ అంటుంది, షరతు ‘ముట్టినది’ అంటుంది. నేను ఆయన్ని అడిగాను, “డబ్బు ముట్టిందా?” అని. “రేపు సంతకాలప్పుడు చెక్కు ఇస్తారు అన్నగారూ” అన్నారు. అంటే అప్పటికి ముట్టలేదు. సంతకం పెట్టాక కూడా ముట్టేది చెక్కు మాత్రమే. అది బ్యాంకులో జమ అయితేనే డబ్బు. చెక్కు తిరిగి వచ్చిందనుకోండి, ముట్టినదని సంతకం పెట్టిన కాగితం అవతలివారి చేతిలో ఉంటుంది. ముట్టలేదని రుజువు చేసుకునే భారం ఈయన మీద పడుతుంది. బ్యాంకు కాగితాలతో రుజువు చేసుకోవచ్చు, కాని ఎందుకీ తిప్పట?

ఇక్కడ ‘గలరు’, ‘గలవాడను’ గురించి ఒక మాట చెప్పాలి. పాత దస్తావేజు భాషలో ‘చెల్లించగలవాడను’ అంటే ‘తప్పక చెల్లిస్తాను’ అనే అర్థం. వ్రాసినవారికీ చదివినవారికీ అదే అర్థం. ఇప్పటి వారికి ‘చెల్లించగలను’ అంటే ‘చెల్లించే శక్తి నాకుంది’ అని. శక్తి ఉండడం వేరు, బాధ్యత ఉండడం వేరు. ఆహ్వాన పత్రికలో ‘విచ్చేయగలరు’ అన్నట్లు మర్యాదగా కూడా వినబడుతుంది. ఈ ముక్కను షరతుల్లోంచి పూర్తిగా తీసేయాలని నా అభిప్రాయం. ‘చెల్లిస్తాను’ కూడా నాకు నచ్చదు. మన తెలుగులో ఆ రూపం అలవాటుకూ భవిష్యత్తుకూ రెంటికీ చెల్లుతుంది. ‘నెల నెలా అద్దె చెల్లిస్తాను’ అంటే ఇప్పుడు చెల్లిస్తున్నట్లా, ఇకమీదట చెల్లిస్తానన్నట్లా? బాధ్యతకు ‘వలెను’ ఒక్కటే తిరుగులేనిది. ‘మీరు చెల్లించవలెను’, ‘నేను స్వాధీనపరచవలెను’. వినడానికి కొంచెం కటువుగా ఉంటుంది. ఒప్పందంలో కటువుగా ఉంటేనే మంచిది.

ఇక కర్మణి ప్రయోగం. ‘ఇంటిపన్ను, కరెంటు బకాయిలు చెల్లించబడును.’ ఎవరిచేత? అమ్మేవారు ‘కొనేవారు’ అనుకున్నారు. కొనేవారు ‘అమ్మేవారు’ అనుకున్నారు. నేను ఇద్దరినీ విడివిడిగా అడిగి తెలుసుకున్నాను కాబట్టి చెబుతున్నాను, ఇది ఊహ కాదు. ఒకే వాక్యం చదివి ఇద్దరూ సంతృప్తిగా తల ఊపారు. ‘బడు’ అనే ప్రత్యయం చేసే పని అది. కర్తను తెరచాటున పెడుతుంది. ఆఫీసుల్లో మనం జీవితమంతా ‘తగు చర్య తీసుకొనబడును’ అని వ్రాశాం. ఎవరు తీసుకుంటారో మనకు తెలియదు కాబట్టే అలా వ్రాశామని ఇప్పుడు రిటైరయ్యాం కాబట్టి ఒప్పుకోవచ్చు. ఆఫీసు ఉత్తరంలో అది చెల్లింది. ఒప్పందంలో చెల్లదు. ‘బాకీ పైకము చెల్లించబడును’ అన్నప్పుడు కొనేవారే చెల్లిస్తారని ఊహించుకోవచ్చు. పన్నుల విషయంలో ఊహకు ఆధారం లేదు.

‘డమైనది’ కూడా ఈ జాతిదే. ‘విక్రయించడమైనది’, ‘స్వాధీనము చేయడమైనది’ అన్నప్పుడు కర్త లేడు, కాలం మాత్రం భూతకాలం. రెండు దోషాలు ఒకే మాటలో.

అలాగని కర్మణి ప్రయోగం ఎక్కడా ఉండకూడదని కాదు. ‘సదరు దస్తావేజు 1994లో రిజిస్టరు చేయబడినది’ అని పీఠికలో ఉంటే ఏ నష్టమూ లేదు. అది జరిగిపోయిన సంగతి. ఎవరు రిజిస్టరు చేశారన్నది ఈ ఒప్పందానికి అక్కరలేదు. పీఠికలో చరిత్రకు కర్మణి పరవాలేదు. షరతుల్లో బాధ్యతకు మాత్రం కర్త పేరు ఉండి తీరాలి.

అయిదో షరతులో ఇంకొకటి గమనించారా? అంతవరకు ‘నేను’, ‘మీరు’ అని నడిచిన పత్రం హఠాత్తుగా ‘విక్రేత ఇచ్చును’ అంటుంది. అది ఇంగ్లీషు నమూనా నుంచి వచ్చిన ముక్క. ‘నేను–మీరు’ పద్ధతి అయినా ‘విక్రేత–కొనుగోలుదారు’ పద్ధతి అయినా మంచిదే, మొదటినుంచి చివరిదాకా ఒకటే ఉండాలి.

ఇప్పుడు ఎలా సరిచేశామో చెబుతాను. నేను రంగు పెన్సిళ్ళు రెండు తీసుకుంటాను. ఆఫీసు అలవాటు. పత్రంలో ఉన్న ప్రతి సమాపక క్రియ కింద గీత గీస్తాను. జరిగిపోయినదీ, ఇప్పుడు ఉన్నదీ అయితే నీలం. ఈ పత్రంతో ఇప్పుడే జరుగుతున్నదీ, ఇకమీదట జరగవలసినదీ అయితే ఎరుపు. సరిగా వ్రాసిన పత్రంలో పీఠిక అంతా నీలంగా, షరతులన్నీ ఎరుపుగా కనబడతాయి. పీఠికలో ఎరుపు కనబడితే అక్కడ ఒక షరతు దూరి కూర్చుందన్నమాట. షరతుల్లో నీలం కనబడితే ఒక చరిత్ర అక్కడ చేరిందన్నమాట. మన సభ్యుని పత్రంలో పీఠికలో రెండు ఎర్రగీతలు స్పష్టంగా వచ్చాయి, ‘చెల్లించగలరు’, ‘స్వాధీనపరచగలవాడను’. ‘అంగీకరిస్తారు’ మూడవది. షరతుల్లో మూడు నీలం గీతలు, ‘విక్రయించడమైనది’, ‘ముట్టినది’, ‘చేయడమైనది’.

గీతలు గీశాక వెంటనే కలం పట్టుకుని కాలం మార్చేయకూడదు. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. ఏ కాలం సరైనదో కాగితం చెప్పదు, మనుషులు చెప్పాలి. స్వాధీనం నిజంగా ఇచ్చేసి ఉంటే ‘ఇచ్చితిని’ అనేదే సత్యం. అప్పుడు సుంకం తగ్గుతుందని ‘ఇవ్వవలెను’ అని మార్చడం సవరణ కాదు, అబద్ధం. కాబట్టి ప్రతి గీత దగ్గరా అడగాలి: ఇది జరిగిందా, ఇప్పుడు జరుగుతున్నదా, జరగాలా, ఎవరు చేయాలి? అలా అడుగుతుంటే మన సభ్యుడు ఒక సంగతి చెప్పారు. “ఒక తాళంచెవి మాత్రం రేపు వారికి ఇస్తానన్నాను అన్నగారూ. బ్యాంకువాళ్ళు ఇల్లు చూసి విలువ కట్టాలట.” చూశారా, ఇది పత్రంలో ఎక్కడా లేదు. తాళంచెవి చేతులు మారిందంటే, మూడో షరతు పక్కన పెట్టి చూసేవారికి స్వాధీనం ఇచ్చినట్లే కనబడుతుంది. దాన్ని వ్రాయకుండా వదలడం కంటే వ్రాయడమే మేలు.

ఆ రాత్రి మేము కూర్చుని వ్రాసినది ఇది. పీఠికలో ఆస్తి వచ్చిన వృత్తాంతం అలాగే ఉంచాం. తరువాత వాక్యం:

“సదరు ఇంటిని రూ.40,00,000 ధరకు విక్రయించుటకు నేను, కొనుటకు మీరు అంగీకరించియున్నాము.”

అంతే. అడ్వాన్సు, స్వాధీనం రెండూ పీఠిక నుంచి తీసేశాం. ఒకే సంగతి రెండు చోట్ల చెబితేనే కదా రెండు కాలాలు వచ్చేది. షరతుగా ఉండవలసినది ఒక్కసారే, షరతుల్లోనే ఉండాలి. ఇక షరతులు:

“1. ఈ క్రింది షరతులకు లోబడి సదరు ఇంటిని మీకు విక్రయించుటకు నేను, నావద్ద కొనుటకు మీరు ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాము. ఇది విక్రయ దస్తావేజు కాదు.

2. అడ్వాన్సు నిమిత్తము రూ.4,00,000లకు మీరు ఈ దినము నాకు చెక్కు ఇచ్చినారు. ఆ చెక్కు నా ఖాతాలో జమ అయిన దినమున మాత్రమే అడ్వాన్సు నాకు ముట్టినట్లు.

3. బాకీ రూ.36,00,000 మీరు ఈ తేదీ నుండి 90 దినములలోగా నాకు చెల్లించవలెను. ఆ పైకము మొత్తము ముట్టిన దినముననే నేను మీ పేర విక్రయ దస్తావేజు వ్రాసి రిజిస్టరు చేయించవలెను.

4. విక్రయ దస్తావేజు రిజిస్టరైన దినమున నేను ఇంటిని మీకు స్వాధీనపరచవలెను. అంతవరకు ఇల్లు నా స్వాధీనములోనే ఉండును. ఈ దినము నేను మీకు ఇచ్చిన తాళపుచెవి బ్యాంకువారికి ఇల్లు చూపుటకు మాత్రమే.

5. విక్రయ దస్తావేజు రిజిస్టరైన తేదీ వరకు గల ఇంటిపన్ను, కరెంటు, నీటి బకాయిలు నేను చెల్లించవలెను. ఆ తరువాతవి మీరు చెల్లించవలెను.

6. లింకు దస్తావేజుల అసళ్ళు నేను రిజిస్ట్రేషను దినమున మీకు ఇవ్వవలెను.”

రెండో షరతులో నేను మొదట ‘అడ్వాన్సుగా పరిగణించబడును’ అని వ్రాశాను. ఇంతసేపూ ‘బడు’ను తిట్టి నేనే దాన్ని వ్రాశాను. అలవాటు అంత బలమైనది. మన సభ్యుడే పట్టుకుని, “అన్నగారూ, ఎవరు పరిగణిస్తారు?” అన్నారు. కొట్టేసి ‘ముట్టినట్లు’ అని దిద్దాను.

ఇంకొకటి కూడా చూడండి. రెండో షరతులో ‘చెక్కు ఇచ్చినారు’ అనీ, నాలుగో షరతులో ‘ఇచ్చిన తాళపుచెవి’ అనీ భూతకాలం ఉంది. నా నీలం–ఎరుపు సూత్రానికి విరుద్ధం కదా అని మీలో ఒకరు అడగవచ్చు. విరుద్ధం కాదు. చెక్కూ తాళంచెవీ సంతకాల సమయంలోనే చేతులు మారతాయి. అవి ఆ దినపు చర్యలు. ‘ఈ దినము’ అనే మాటతో కాలం కట్టివేయబడింది. షరతుల్లో నీలం వస్తే ఎల్లప్పుడూ తప్పు అనడం లేదు, ఆగి అడగమంటున్నాను. అయితే ఈ రెండూ వ్రాయించుకున్నాక, చెక్కు చేతికి వచ్చేవరకు సంతకం పెట్టవద్దని ఆయనకు చెప్పాను. లేకపోతే మళ్ళీ మొదటి కథే.

‘ఇది విక్రయ దస్తావేజు కాదు’ అనే ముక్క అక్కరలేదని కొందరు వకీళ్ళు అంటారు. ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం అమ్మకపు ఒప్పందం దానంతట అది ఆస్తిలో ఏ హక్కునూ కలిగించదు. చట్టంలో ఉన్నదే కదా, మళ్ళీ వ్రాయడమెందుకని వారి వాదన. అదీ నిజమే. మరొకవైపు, ఆ ఒక్క ముక్క పెట్టి మిగతా అంతా ‘విక్రయించడమైనది’ అని వదిలేస్తే అది కాపాడదు. కాగితానికి పెట్టిన పేరును కాదు, లోపలి వాక్యాలను చూస్తారు. నేను దాన్ని ఉంచింది వృద్ధులైన మన సభ్యుల ధైర్యం కోసం.

మరునాడు వ్రాతగాని దగ్గరకు మేమిద్దరం వెళ్ళాం. పాపం అతను మంచివాడే, కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. “అంతా ఒకటే కదా సార్, ఇన్నేళ్ళుగా ఇలాగే వ్రాస్తున్నాం, ఎవరూ అనలేదు” అన్నాడు. నేను వాదించలేదు. పాత పత్రం తీసి కొనేవారికి ఇచ్చి, “నాలుగో షరతు చదివి, కరెంటు బకాయి మీరు కడతారా, వారు కడతారా చెప్పండి బాబూ” అన్నాను. ఆయన “వారే కదండీ” అన్నారు. మన సభ్యుడు “అదేమిటండీ, మీరనుకున్నానే” అన్నారు. వ్రాతగాడు ఇంకేమీ మాట్లాడకుండా కొత్త పత్రం టైపు చేశాడు.

సంతకాలు కాకముందు కాబట్టి పని తేలికగా అయింది. సంతకాలయ్యాక ఎవరికివారు కలంతో దిద్దడానికి వీల్లేదు. ఒకరు తమంతట తాము ముఖ్యమైన మాట మారిస్తే ఆ పత్రమే చెడిపోవచ్చు. రిజిస్ట్రేషనుకు వెళ్ళే కాగితంలో కొట్టివేతలు, దిద్దుబాట్లు, పంక్తుల మధ్య వ్రాతలు ఉంటే వ్రాసి ఇచ్చినవారు వాటి దగ్గర సంతకం పెట్టి ధృవపరచాలని రిజిస్ట్రేషను చట్టం 20వ సెక్షను చెబుతుంది. లేకుంటే అధికారి నిరాకరించవచ్చు. సంతకాలు పూర్తయిన పత్రంలో తప్పు బయటపడితే, ఇద్దరూ కలిసి సవరణ పత్రం వ్రాసుకోవాలి. ఏ పేజీలో ఏ షరతులో ఏ మాట ఉంది, దాని బదులు ఏ మాట చదువుకోవాలి అన్నది అందులో ఉండాలి. ఒకరు ఒప్పుకోకపోతే కోర్టుకే వెళ్ళాలి. ఇద్దరి ఉద్దేశమూ ఒకటే అయి ఉండి పత్రంలో పొరపాటున వేరుగా పడిందని రుజువైతే నిర్దిష్ట పరిహార చట్టం 26వ సెక్షను కింద సరిదిద్దే అవకాశం ఉంది. కాని డబ్బు ఇచ్చి పుచ్చుకున్నాక ‘మా ఉద్దేశం ఒకటే’ అని ఇద్దరూ చెప్పడం ఎంత అరుదో మీకు నేను చెప్పనక్కరలేదు.

కిరాయిదారుకే ఇల్లు అమ్మేవారు మనలో ఇద్దరు ముగ్గురు ఉన్నారని విన్నాను. వారికి ఒక్కమాట. కిరాయిదారు అప్పటికే ఇంట్లో ఉంటారు. పీఠికలో ‘మీరు సదరు ఇంట అద్దెకు ఉన్నారు’ అని వర్తమానంలో వ్రాయాలి. షరతుల్లో ‘విక్రయ దస్తావేజు రిజిస్టరయ్యే వరకు మీరు కిరాయిదారుగానే ఉండవలెను, అద్దె చెల్లించవలెను’ అని ఉండాలి. అక్కడ పాత ఫైలు నుంచి ‘స్వాధీనము చేయడమైనది’ అనే వాక్యం దూరితే, అద్దె మీద ఉన్న స్వాధీనం కాస్తా ఒప్పందం మీద ఇచ్చిన స్వాధీనంలా మారిపోతుంది. అద్దె ఆగిపోతుంది, సుంకం మీద పడుతుంది. ఒప్పందాన్ని రిజిస్టరు చేయించడం, దాని రుసుములు అన్నది వేరే అధ్యాయం. దానికి మంచి వకీలును అడగండి, నన్ను కాదు.

మన సభ్యుని సంగతి ముగించి కూర్చుంటాను. బ్యాంకు అప్పు మంజూరు ఆలస్యమై 90 రోజులు కాస్తా 104 అయ్యాయి. గడువు పొడిగించడానికి ఇద్దరూ ఒక చిన్న కాగితం వ్రాసుకున్నారు. ఆ పద్నాలుగు రోజులూ ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉందనే ప్రశ్న రాలేదు, నాలుగో షరతు ఉంది కాబట్టి. దస్తావేజు రిజిస్టరైన రోజు సాయంత్రం కొనేవారు బ్యాంకు కోసం తీసుకున్న తాళంచెవి తెచ్చి ఈయన చేతికి ఇచ్చారట. ఈయన మిగిలిన రెండు చెవులూ దానికి కలిపి, మూడూ ఒకే గుత్తిగా తిరిగి ఆయన చేతిలో పెట్టారట. కరెంటు బిల్లు 612 రూపాయలు అప్పటికే కట్టేశారు.

పాత పత్రం, కొత్త పత్రం రెంటి నకళ్ళూ, పేర్లు కొట్టేసి, కార్యదర్శిగారి దగ్గర ఉంచాను. కావలసినవారు తీసుకోవచ్చు.